లాగ్ తీయాలా, రోబస్ట్ ఎర్రర్ వేయాలా: ప్రశ్న కిలోల్లో ఉన్నప్పుడు

సార్, నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం. మాది విడవలూరు మండలం. ప్రాజెక్టు కోసం మా చుట్టుపక్కల 60 రొయ్యల గుంటల లెక్కలు రాసుకొచ్చాను. ఎకరాకు ఎన్ని లక్షల పిల్ల వదిలారు, పంటకి ఎకరాకు ఎన్ని కిలోలు పట్టారు అని. రిగ్రెషన్ వేస్తే, పిల్ల ఎక్కువయ్యే కొద్దీ రెసిడ్యువల్స్ విసనకర్రలా విచ్చుకుంటున్నాయి. గైడ్ గారు లాగ్ తీసి మళ్ళీ చెయ్యమన్నారు. తెల్లమచ్చ వచ్చి పంట మొత్తం పోయిన గుంటలు అయిదున్నాయి, వాటి దిగుబడి సున్నా. సున్నాకి లాగ్ రాదు కదా అని అన్నిటికీ ఒకటి కలిపి తీశాను. అప్పుడు కోఎఫిషియెంట్ మైనస్ అయిపోయింది! మా సీనియర్ రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్స్ వాడమంటే, గైడ్ గారు "అది జబ్బు తగ్గించడం కాదు, దాచడం" అన్నారు. ఇంట్లో నాన్నేమో "ఇంకో లక్ష పిల్ల వేస్తే సగటున ఎన్ని కిలోలు ఎక్కువొస్తాయో చెప్పమ్మా" అంటున్నారు. ఒకటే టెన్షన్. ఏం చెయ్యను?
— ఒక విద్యార్థిని

అమ్మా, మీ సీనియర్ చెప్పిందే చెయ్యండి. దిగుబడిని కిలోల్లోనే ఉంచండి, సున్నాలను సున్నాలుగానే ఉంచండి, స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం మార్చండి. ఇది మీ గైడ్ గారి మాటను కాదనడం కాదు. ఆయన చెప్పిన మందు ఒక జబ్బుకి మంచిదే, కానీ మీ డేటాకి ఉన్నది ఆ జబ్బు కాదు. ఎందుకో ఆయనకి చూపించడానికి మీకు కాగితం మీద చేసుకోగలిగే ఒక చిన్న లెక్క ఇస్తాను. అంకెలు నేను కల్పించినవే, వాటిని సర్వే ఫలితాలుగా ఎవరికీ చెప్పకండి.

పది గుంటలు, ఒక్కోటీ ఎకరం అనుకుందాం. ఆరు గుంటల్లో లక్ష పిల్ల చొప్పున వేశారు. దిగుబడి 1000, 1200, 1100, 1300, 1400, 1200 కిలోలు. సగటు 1200. మిగతా నాలుగు గుంటల్లో రెండు లక్షల చొప్పున వేశారు. దిగుబడి 3000, 2600, 1800, 600 కిలోలు. సగటు 2000. మీ విసనకర్ర ఇక్కడ కూడా ఉంది. లక్ష పిల్ల గుంటలన్నీ ఒక దగ్గర సర్దుకుని ఉన్నాయి, రెండు లక్షలవి ఎక్కడెక్కడికో పోయాయి. చదరపు మీటరుకి పాతిక పిల్ల ఉన్న గుంటలో తేడా వస్తే వందల కిలోల్లో వస్తుంది. యాభై ఉన్న గుంటలో ఆక్సిజన్ తగ్గినా, కరెంటు పోయి ఏరేటర్లు ఆగినా, తేడా టన్నుల్లో వస్తుంది. అంటే ఈ విచ్చుకోవడం డేటాలో దొర్లిన తప్పేమీ కాదు, రొయ్యల సాగు అంటేనే అంత. దాన్ని లాగ్‌తో నొక్కేయాలని చూసే ముందు, నొక్కితే ఏం పోతుందో చూడాలి.

ఈ పది గుంటలకీ లాగ్ తీసి రిగ్రెషన్ వేయండి. రెండు గుంపుల లాగ్ సగటుల మధ్య తేడా 0.356 వస్తుంది. దాన్ని వెనక్కి తిప్పితే 1.43, అంటే "43 శాతం ఎక్కువ". కానీ మామూలు సగటులు చూస్తే 1200 ఎక్కడ, 2000 ఎక్కడ? అది 67 శాతం ఎక్కువ. లెక్క రెండిట్లోనూ తప్పు లేదు. లాగ్‌ల సగటుని వెనక్కి తిప్పితే వచ్చేది జ్యామితీయ సగటు, మామూలు సగటు కాదు. అంకెలు ఎంత చెల్లాచెదురుగా ఉంటే జ్యామితీయ సగటు మామూలు సగటు కంటే అంత కిందికి పోతుంది. లక్ష పిల్ల గుంపులో చెదురు తక్కువ కాబట్టి అక్కడ రెండు సగటులూ దాదాపు ఒకటే, 1193, 1200. రెండు లక్షల గుంపులో మాత్రం 1704, 2000. విసనకర్ర ఉన్న చోటే లాగ్ మీ సమాధానాన్ని ఎక్కువగా మారుస్తుందన్నమాట. ఏ హెటెరోస్కెడాస్టిసిటీని పోగొట్టడానికి లాగ్ తీశామో, అదే లాగ్ జవాబుని ఒక పక్కకి లాగుతోంది.

దీనికి ఒక దిద్దుబాటు ఉంది కదా అని మీ గైడ్ గారు అనొచ్చు. ఉంది. 1983లో డ్యువాన్ ఇచ్చిన స్మియరింగ్ పద్ధతి అది. లాగ్ మోడల్ రెసిడ్యువల్స్‌ని వెనక్కి తిప్పి, వాటి సగటుతో అంచనాని హెచ్చించాలి. కానీ ఆ పద్ధతి మామూలు రూపంలో అందరికీ ఒకే గుణకం వాడుతుంది. రెండు గుంపుల అంచనాలనీ ఒకే అంకెతో హెచ్చిస్తే నిష్పత్తి మారదు, 43 శాతం 43గానే ఉంటుంది. లాగ్ తీశాక కూడా చెదురు రెండు గుంపుల్లోనూ ఒకేలా లేకపోతే ఆ దిద్దుబాటు చాలదు. మన పది గుంటల్లో లాగ్ తర్వాత కూడా చెదురు సమానం కాలేదు, మీరే వేసి చూడండి.

ఇప్పుడు 600 కిలోలు వచ్చిన ఆ గుంటకి తెల్లమచ్చ సోకింది, రొయ్యంతా చచ్చి తేలింది, దిగుబడి సున్నా అనుకోండి. రెండు లక్షల గుంపు సగటు 1850కి దిగింది. లక్ష గుంపు కంటే ఇప్పటికీ 650 కిలోలు ఎక్కువే. మీరు చేసినట్టే అన్నిటికీ ఒకటి కలిపి లాగ్ తీద్దాం. తేడా మైనస్ 1.24 వస్తుంది, వెనక్కి తిప్పితే 0.29. అంటే "రెండో లక్ష పిల్ల వేస్తే దిగుబడి 71 శాతం పడిపోతుంది" అని చదువుకోవాలి. అదే డేటాని కిలోల్లో కాకుండా టన్నుల్లో రాసుకోండి: 1.0, 1.2, అలా 3.0 దాకా. మళ్ళీ ఒకటి కలిపి లాగ్ తీయండి. ఈసారి తేడా ప్లస్ 0.137, అంటే సుమారు 15 శాతం ఎక్కువ. గుంటలు అవే, రొయ్యలు అవే. కిలోలని టన్నులు చేసినందుకే 71 శాతం నష్టం 15 శాతం లాభం అయింది.

ఇలా ఎందుకవుతుందంటే, కిలోల్లో ఉన్నప్పుడు 1 కలిపితే, సున్నా గుంట లాగ్ సున్నా దగ్గర ఉంటుంది, మిగతావన్నీ ఏడూ ఎనిమిదీ దగ్గర ఉంటాయి. ఆ ఒక్క గుంట మొత్తం గీతని కిందికి గుంజేస్తుంది. టన్నుల్లో అయితే సున్నాకీ మిగతావాటికీ దూరం ఒకటిన్నర కూడా ఉండదు. అంటే మీరు కలిపిన ఒకటి ఒక కిలో అవుతుందా టన్ను అవుతుందా అన్నదే జవాబుని నడిపిస్తోంది. మీ కోఎఫిషియెంట్ మైనస్ అయింది ఇందుకే. మీ డేటాలో అయిదు సున్నాలూ ఎక్కువ పిల్ల వేసిన గుంటల వైపే ఉన్నాయేమో ఒకసారి చూడండి, ఉండే ఉంటాయి. గైడ్ గారికి చూపించడానికి ఈ కిలోలు–టన్నుల లెక్క కంటే మంచి ఆధారం మీకు దొరకదు. అరగంటలో మీ 60 గుంటల మీదే చేసి చూపించొచ్చు.

సున్నాలను తీసేసి లాగ్ తీద్దామన్న ఆలోచన కూడా వస్తుంది. వద్దు. తీసేస్తే రెండు లక్షల గుంపులో మూడే గుంటలు మిగులుతాయి, సగటు 2467 అవుతుంది, తేడా 650 నుంచి 1267 కిలోలకి ఎగురుతుంది. పంట పోవడం అనేది పిల్ల ఎక్కువ వేసినప్పుడు మోసే రిస్కులో భాగం. ఆ గుంటల్ని తీసేసి మీ నాన్నగారికి జవాబు చెబితే, పంట పోదని గ్యారంటీ ఉన్నవాడికి చెప్పిన జవాబు అవుతుంది.

కాబట్టి కోఎఫిషియెంట్ 650 కిలోలు అని ఉంచుదాం. ఇక అసలు సమస్య దీని స్టాండర్డ్ ఎర్రర్. విసనకర్ర ఉన్నా, సగటు గీత సరైనదైతే, మామూలు లీస్ట్ స్క్వేర్స్ కోఎఫిషియెంట్‌కి పక్షపాతం ఉండదు. చెడిపోయేది దాని పక్కన సాఫ్ట్‌వేర్ అచ్చేసే స్టాండర్డ్ ఎర్రర్, దాంతోపాటు టీ, పీ విలువలూ. ఎలా చెడిపోతుందో మన పది గుంటల మీద చూద్దాం.

లక్ష గుంపులో సగటు నుంచి తేడాల వర్గాల మొత్తం 1,00,000. రెండు లక్షల గుంపులో, సున్నా గుంటతో కలిపి, 53,10,000. మామూలు ఫార్ములా ఏం చేస్తుందంటే రెండిటినీ ఒకే కుప్పలో పోసి, 8తో భాగించి, "చెదురు అందరికీ ఇదే" అంటుంది. వేరియన్స్ 6,76,250. దాన్ని ఆరో వంతు, నాలుగో వంతు కలిపిన మొత్తంతో హెచ్చించి వర్గమూలం తీస్తే స్టాండర్డ్ ఎర్రర్ 531 కిలోలు. 650ని 531తో భాగిస్తే టీ 1.22.

ఇందులో పొరపాటు కంటికే కనిపిస్తోంది. లక్ష గుంపులో ఆరు గుంటలున్నాయి, నిలకడగా ఉన్నాయి. వాటి నిలకడని అరువు తెచ్చి రెండు లక్షల గుంపుకి అంటగట్టాం. ఆ రెండో గుంపులో ఉన్నవి నాలుగే, పైగా అవే గందరగోళంగా ఉన్నాయి. మనకి ఏ సగటు సరిగ్గా తెలీదో దాని అనిశ్చితినే తక్కువ చేసి చూపించాం.

రోబస్ట్ పద్ధతి ఈ అరువు ఆపుతుంది. ప్రతి గుంట రెసిడ్యువల్ వర్గాన్ని దాని సొంత చోటే వాడుతుంది. రెండు గుంపుల లెక్కలో అది ఇంకా తేలిగ్గా కనపడుతుంది: ఒక్కో గుంపు వేరియన్స్‌ని విడిగా కట్టి, ఆ గుంపు సంఖ్యతో భాగించి, రెండూ కూడాలి. లక్ష గుంపు వేరియన్స్ 20,000, ఆరుతో భాగిస్తే 3,333. రెండు లక్షల గుంపు వేరియన్స్ 17,70,000, నాలుగుతో భాగిస్తే 4,42,500. మొత్తం 4,45,833, వర్గమూలం 668 కిలోలు. టీ 0.97. మీరు బీఎస్సీలో నేర్చుకున్న వెల్చ్ టీ టెస్టులో వాడే స్టాండర్డ్ ఎర్రర్ సరిగ్గా ఇదే. వెల్చ్‌ని ఎవరూ జబ్బు దాచడం అనరు. రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్ అంటే దాన్నే గుంపుల నుంచి ఏ రిగ్రెషన్‌కైనా విస్తరించడం. రిగ్రెషన్‌కి వేరియన్స్ ఫార్ములా ఇలా ఉంటుంది, దాని వికర్ణం మీది అంకెకి వర్గమూలమే స్టాండర్డ్ ఎర్రర్:

```
(X'X)^-1  X' diag(e_i^2) X  (X'X)^-1
```

మధ్యలో ఉన్న diag లోపల ఒక్కో గుంట రెసిడ్యువల్ వర్గం ఒక్కో చోట కూర్చుంటుంది. మామూలు ఫార్ములాలో అక్కడ అన్ని చోట్లా ఒకే అంకె ఉంటుంది. తేడా అంతే. ఈ ఆలోచనకి పునాదులు 1960ల్లో ఐకర్, హ్యూబర్ వేశారు. 1980లో హాల్బర్ట్ వైట్ ఎకానొమెట్రికా పత్రికలో రాసిన వ్యాసంతో అది అందరి చేతికీ వచ్చింది. అంతకు ముందు చదువుకున్నవాళ్ళకీ, వాళ్ళ దగ్గర చదువుకున్నవాళ్ళకీ లాగ్ తీయడమే చేతి అలవాటు. చేత్తో లెక్కలు కట్టే రోజుల్లో అది సబబే.

రోబస్ట్ అంటే ఎర్రర్‌ని పెంచి చూపడం అని కూడా అనుకోకండి. మన ఉదాహరణలో చెదురు చిన్న గుంపులో ఉంది కాబట్టి పెరిగింది. అదే చెదురు ఆరు గుంటల గుంపులో ఉండి, నాలుగు గుంటల గుంపు నిలకడగా ఉంటే తిరగబడుతుంది: మామూలు ఫార్ములా 681 ఇస్తే రోబస్ట్ 548 ఇస్తుంది.

ఇక్కడ మిమ్మల్ని గందరగోళపెట్టే విషయం ఒకటుంది, కాస్త ఓపిగ్గా చూడండి. రోబస్ట్ ఎర్రర్ ఒకటి కాదు, అన్నదమ్ములు నలుగురున్నారు: HC0, HC1, HC2, HC3. మన పది గుంటల మీదే అవి వరసగా 578, 647, 668, 771 కిలోలు ఇస్తాయి. నేను పైన రెండు గుంపులకి చేసిన లెక్క HC2, ఆ తర్వాత రాసిన ఫార్ములా మాత్రం HC0. ఎందుకింత తేడా? రెసిడ్యువల్ అనేది అసలు లోపం కాదు, గీత నుంచి దూరం. గీతని మనం గీసిందే ఆ గుంటల్ని చూసి కాబట్టి, ఒక్కో గుంటా గీతని తన వైపు కొంచెం లాక్కుంటుంది, తన రెసిడ్యువల్‌ని తానే చిన్నది చేసుకుంటుంది. ఎంత లాక్కుంటుందో చెప్పేది లెవరేజ్. నాలుగే గుంటలున్న గుంపులో ఒక్కోదాని లెవరేజ్ నాలుగో వంతు, ఆరున్న గుంపులో ఆరో వంతు.

HC0 ఈ సంగతి పట్టించుకోదు, అందుకే చిన్న డేటాలో తక్కువ చూపిస్తుంది. HC1 మొత్తం వేరియన్స్‌ని ఒకే అంకెతో, ఇక్కడ 10ని 8తో భాగించిన అంకెతో, హెచ్చిస్తుంది. లెవరేజ్ ఎక్కడ ఎక్కువో అక్కడ ఎక్కువ దిద్దాలన్న ఆలోచన దానికి లేదు. HC2 ఒక్కో రెసిడ్యువల్ వర్గాన్ని, ఒకటిలోంచి దాని లెవరేజ్ తీసేసిన అంకెతో భాగిస్తుంది. HC3 ఆ అంకె వర్గంతో భాగిస్తుంది. చివరి మూడింటినీ 1985లో మెకినన్, వైట్ కలిసి పోల్చి చూశారు. మీ దగ్గరున్నవి 60 గుంటలు, అందులోనూ ఎక్కువ పిల్ల వేసినవి తక్కువే అయి ఉంటాయి. ఇలాంటి చోట HC3 వాడండి. 2000లో లాంగ్, ఎర్విన్ అనే ఇద్దరు సిమ్యులేషన్లు చేసి, 250 లోపు డేటాకి HC3నే సిఫారసు చేశారు. మీ క్లాస్‌మేట్ స్టాటాలో robust అని కొడితే HC1 వస్తుంది, మీరు ఆర్‌లో vcovHC కొడితే ఏమీ చెప్పకపోయినా HC3 వస్తుంది. ఒకే డేటాకి ఇద్దరికీ వేరే అంకెలు వస్తే కంగారు పడకండి. ఏది వాడారో థీసిస్‌లో పేరు పెట్టి రాయండి.

```r
library(sandwich)
library(lmtest)
m <- lm(kg ~ seed, data = gunta)
coeftest(m, vcov = vcovHC(m, type = "HC3"))
```

ముందు బ్రాయిష్–పేగన్ టెస్టు చేసి, అది పాసైతే మామూలు ఎర్రర్, ఫెయిలైతే రోబస్ట్ అని కొందరు చెబుతారు. నాకది నచ్చదు. 60 గుంటల్లో ఆ టెస్టుకి విసనకర్రని పట్టుకునే బలం చాలకపోవచ్చు. పట్టుకోలేదంటే లేదని కాదు. లాంగ్, ఎర్విన్ కూడా ఆ దారి వద్దనే అన్నారు. మీకైతే బొమ్మలోనే కనిపిస్తోంది, టెస్టు దేనికి?

మీ గైడ్ గారు అన్న "దాచడం" అన్న మాటలో నిజం ఉన్న చోటు ఒకటుంది. రోబస్ట్ ఎర్రర్ గీతని సరిచేయదు. ఎకరాకి లక్ష నుంచి రెండు లక్షలకి పోతే 650 కిలోలు పెరిగి, రెండున్నరకి పోతే పెరగడం ఆగిపోతే, తిన్నని గీత తప్పు. ఆ తప్పు గీతకే HC3 శుద్ధమైన స్టాండర్డ్ ఎర్రర్ ఇస్తుంది. కాబట్టి రెసిడ్యువల్ బొమ్మలో వెడల్పుని కాదు, మధ్య రేఖని చూడండి. పిల్లని మూడు నాలుగు భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగంలో రెసిడ్యువల్స్ సగటు వేయండి. అవి సున్నాకి అటూ ఇటూ ఉంటే వెడల్పు ఎంతున్నా ఫరవాలేదు. మొదట్లో కింద, మధ్యలో పైన, చివర మళ్ళీ కింద ఉంటే వంపు ఉంది, మోడల్‌లో పిల్ల వర్గాన్ని కూడా పెట్టి చూడాలి. ఒక్కోసారి విసనకర్ర వదిలేసిన వేరియబుల్ వల్ల కూడా వస్తుంది. పిల్ల ఎక్కువేసిన వాళ్ళలో ఏరేటర్లు సరిపడా ఉన్నవాళ్ళు పైకీ లేనివాళ్ళు కిందికీ పోయారేమో. మీ దగ్గర ఏరేటర్ల సంఖ్య ఉంటే పెట్టండి, లేకపోతే ఫోన్ చేసి అడగండి, 60 మందే కదా.

60 మందేనా? అది నాకు అనుమానం. 60 గుంటలు అన్నారు, ఒక్కో రైతుకి నాలుగైదు గుంటలు ఉండడం మన దగ్గర మామూలే. అలా ఉంటే HC3 కూడా చాలదు. ఎందుకంటే ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక గుంట లోపానికీ ఇంకో గుంట లోపానికీ సంబంధం లేదన్న నమ్మకం మీద నిలబడింది. తెల్లమచ్చకి ఆ నమ్మకం తెలీదు. ఒక గుంటలో పడితే ఆ నీళ్ళ వెంట, పీతల వెంట పక్క గుంటకి పోతుంది. మీ అయిదు సున్నాల్లో మూడు ఒకే రైతువో, ఒకే కాలవ మీదవో అయితే అవి మూడు విడి సాక్ష్యాలు కావు, ఒకటికి దగ్గర. అప్పుడు రైతు వారీగా క్లస్టర్ చేసిన ఎర్రర్ వేయాలి:

```r
coeftest(m, vcov = vcovCL(m, cluster = ~ farmer))
```

క్లస్టర్ ఎర్రర్ నిజం చెప్పడానికి క్లస్టర్లు చాలినన్ని ఉండాలి. 25–30 మంది రైతులుంటే ఫరవాలేదు. మొత్తం ఆరేడుగురివే అయితే ఆ అంకె నమ్మదగ్గంత పెద్దగా రాదు. అప్పుడు వైల్డ్ బూట్‌స్ట్రాప్ లాంటిది వాడాలి, లేదా మీ ముగింపు మాటలే తగ్గించుకోవాలి. HC3కీ క్లస్టర్‌కీ బాగా తేడా వస్తే పెద్దది నమ్మండి, రెండూ టేబుల్‌లో చూపించండి.

మీ గైడ్ గారికి శాతాల్లోనే కావాలంటే? దానికీ దారుంది, లాగ్ తీయకుండానే. దిగుబడిని కిలోల్లోనే ఉంచి, సగటుకి లాగ్ లింకు పెట్టిన పాయిసాన్ మోడల్ వేసి, రోబస్ట్ ఎర్రర్ వాడండి. దిగుబడి పాయిసాన్ డిస్ట్రిబ్యూషన్‌లో ఉండాల్సిన పనిలేదు, సగటు రూపం సరైనదైతే చాలు. సున్నాలు ఉన్నా ఇబ్బంది లేదు. మన పది గుంటల మీద ఇది 1850ని 1200తో భాగించిన నిష్పత్తినే, అంటే 54 శాతం ఎక్కువ అనే, ఇస్తుంది. కిలోల్లో వేసినా టన్నుల్లో వేసినా అదే. వాణిజ్యం లెక్కల్లో లాగ్ మోడల్‌కి బదులు దీన్ని వాడాలని 2006లో సాంటోస్ సిల్వా, టెన్‌రేరో వాదించింది సరిగ్గా ఈ కారణాలకే: హెటెరోస్కెడాస్టిసిటీ ఉంటే లాగ్ కోఎఫిషియెంట్ సగటు గురించి తప్పు చెబుతుంది, పైగా సున్నాలు.

```r
p <- glm(kg ~ seed, family = quasipoisson, data = gunta)
coeftest(p, vcov = vcovHC(p))
```

లాగ్ మంచిదయ్యే చోట్లు లేకపోలేదు. సున్నాలు లేకుండా, లాగ్ తీశాక చెదురు నిజంగానే సమానమై, మీరు అడిగేది కూడా శాతాల్లోనే ఉంటే నిక్షేపంగా తీయండి. ఉదాహరణకి కౌంట్‌ని బట్టి కిలో రొయ్య ధర ఎలా మారుతుందో చూసేటప్పుడు నేనైనా లాగే తీస్తాను. అప్పుడు కూడా ఎర్రర్ మాత్రం రోబస్ట్‌దే వేస్తాను, ఖర్చేమీ లేదు కదా.

ఇక మీ నాన్నగారి సంగతి. ఆయన "సగటున" అన్నారు, కాబట్టి కోఎఫిషియెంట్ చెప్పి, దానికి HC3 తో వచ్చిన హద్దులు చెప్పండి. హద్దులు సున్నాని దాటి అటూ ఇటూ ఉంటే అదీ చెప్పండి. మన పది గుంటల లెక్కలో 650 కిలోల పక్కన 771 ఎర్రర్ ఉంది, అంటే పది గుంటలు చూసి ఏమీ తేల్చలేమని. మీ 60లో ఇంకాస్త తేలొచ్చు. అలాగే ఎక్కువ పిల్ల వేసేవాళ్ళు సాధారణంగా ఏరేటర్లూ జనరేటరూ ఉన్నవాళ్ళు. ఆ 650 అంతా పిల్ల పుణ్యమే అనుకుని ఆయన తన గుంటలో రెట్టింపు వేయకుండా చూడండి.

రేపు ఆయన "సగటు సరే, మన గుంటలో ఎంతొస్తుంది?" అని కూడా అడుగుతారు. దానికి రోబస్ట్ ఎర్రర్ పనికిరాదు. అది సగటు గీత ఎంత కచ్చితమో చెబుతుంది, ఒక్కో గుంట గీత నుంచి ఎంత దూరం పోతుందో చెప్పదు. ఆర్‌లో predict కొట్టి ప్రెడిక్షన్ ఇంటర్వెల్ అడిగితే అది మళ్ళీ అందరికీ ఒకే చెదురు అనుకునే ఇస్తుంది. తక్కువ పిల్ల గుంటకి అనవసరంగా వెడల్పుగా, ఎక్కువ పిల్ల గుంటకి ఇరుకుగా. ఆయనకి ఆ ఇంటర్వెల్ చూపించకండి. రెండు లక్షల చుట్టుపక్కల పిల్ల వేసిన గుంటలన్నిటి దిగుబడులూ చిన్నవి ముందు, పెద్దవి తర్వాత ఒక కాగితం మీద వరసగా రాసి ఇవ్వండి, సున్నాలతో సహా. లక్ష వేసినవి పక్కన ఇంకో వరస. మీ నాన్నగారు ఎన్నో పంటలు చూసినవారు, ఆ రెండు వరసలూ చూసి ఎంత పిల్ల వేయాలో ఆయనే చెప్పగలరు.